కాంక్రీట్‌లో పెట్టిన కంచె గుంజ తెల్లారేసరికి ఎందుకు ఒరుగుతుంది?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పెరట్లో ఆరడుగుల చెక్క కంచె, గాలికి మధ్యలో ఒక గుంజ విరిగింది. పాత కాంక్రీట్ దిమ్మ తవ్వి తీసేసి, అదే గుంతలో కొత్త 4x4 పెట్టి, ఒక ఊత కర్ర కట్టి కాంక్రీట్ పోశాను. సాయంత్రం నిటారుగానే ఉంది, పొద్దున చూస్తే అంగుళం వాలింది. తోసి సరిచేయొచ్చా? మళ్లీ పెట్టాలంటే ఒక్కడినే ఎలా చేసుకోవాలి?

జవాబు: తోయకండి. గట్టిపడ్డాక తోస్తే గుంజ నిటారుగా అయినట్టు కనిపిస్తుంది గానీ, చెక్కకీ కాంక్రీట్‌కీ మధ్య ఒక పక్కన సందు పడుతుంది. వాన నీళ్లు అందులోకే దిగి నిలుస్తాయి, గుంజ సరిగ్గా నేల మట్టం దగ్గరే కుళ్లుతుంది. ఇంకా ఒకటి రెండు రోజులే అయింది కాబట్టి దిమ్మతో సహా తీసేసి మళ్లీ పెట్టడమే మంచిది.

వాలడానికి మీరు రాసినదాంట్లోనే రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒక ఊత ఒక దిశలోనే పట్టుకుంటుంది, రెండో దిశలో గుంజ స్వేచ్ఛగానే ఉంటుంది. రెండోది, నడిమి గుంజ కాబట్టి అటూ ఇటూ పలకలని పట్టి ఉంచే పాత అడ్డకర్రల్ని, అంటే రెయిళ్లని, వెంటనే దీనికి బిగించి ఉంటారు. విరిగిన చోట కుంగిన కంచె బరువంతా రాత్రంతా పచ్చి కాంక్రీట్‌లో ఉన్న గుంజని లాగుతుంది. ఈసారి రెయిళ్లని గుంజకి తగలనివ్వకుండా, కింద ఇటుకలు గానీ చెక్క ముక్కలు గానీ పెట్టి వాటి ఎత్తులో నిలబెట్టండి. కాంక్రీట్ గట్టిపడ్డాకే బిగించండి.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి. పాత గుంతే అయినా ఇప్పుడు లోతు పెంచుతారు. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు, కొన్ని రోజులు ముందే చెప్పాలి.

ఎనిమిదడుగుల గుంజకి 30 అంగుళాలు భూమిలో ఉంచండి, పైన 66 అంగుళాలు మిగులుతుంది. పలకలు గుంజ కంటే కొంచెం పైకి వస్తాయి, ముందు వైపు నుంచి అది కనిపించదు. 24 అంగుళాలతో సరిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, మీ వైపు నల్లమట్టి ఎండాకాలం ముడుచుకుని వానలకి ఉబ్బుతుంది, ఆ లోతు చాలదు. గుంత 36 అంగుళాలు తవ్వి, అడుగున 6 అంగుళాల కంకర పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టండి. గుంజ అడుగు కంకరలోకి ఒకటి రెండు అంగుళాలు దిగి ఉండాలి. అడుగున కూడా కాంక్రీట్ మూసేస్తే అది గిన్నెలా మారి నీళ్లు పట్టి ఉంచుతుంది. గుంజ మీద ఉండే చిన్న ట్యాగ్‌లో యూసీ4ఏ, అంటే నేలలో పాతడానికి పనికొచ్చే రకం, అని ఉందో లేదో చూడండి. ఎత్తు సరిచేయాలంటే పై కొసే కోయాలి, కింది కొస కోయకూడదు. కుళ్లకుండా పట్టించిన మందు చెక్క లోపలిదాకా సమానంగా ఎక్కదు, కోసిన కొసని మట్టిలో పెడితే చెదలకీ బూజుకీ తలుపు తీసినట్టే.

కాంక్రీట్ మిక్స్ లెక్క గుంత వెడల్పుని బట్టి చాలా మారిపోతుంది. 50 పౌండ్ల బస్తా సుమారు 0.375 ఘనపుటడుగులు ఇస్తుంది. శుభ్రంగా తవ్విన 10 అంగుళాల గుంతలో 30 అంగుళాల లోతుకి, గుంజ ఆక్రమించిన చోటు తీసేస్తే, 1.15 ఘనపుటడుగులు కావాలి. అంటే మూడు బస్తాలకి కాస్త ఎక్కువ, నాలుగు తెచ్చుకోండి. కానీ పాత దిమ్మ తీశాక గుంత 14 అంగుళాలు వెడల్పయి ఉంటే 2.46 కావాలి, అంటే ఏడు బస్తాలు. పోస్తూ ఉండగా సగంలో దుకాణానికి పరిగెత్తే పరిస్థితి రాకుండా ముందే కొలవండి. గుంత గోడలు నిలువుగానో, అడుగున కొంచెం వెడల్పుగానో ఉండాలి. పైన వెడల్పయి కింద సన్నగా ఉంటే ఉబ్బే మట్టి దాన్ని పైకి నెడుతుంది.

ఇక అసలు పని. గుంజని నిటారుగా నిలిపేది కాంక్రీట్ కాదు, ఊతలు. కాంక్రీట్ ఆ స్థితిని అలాగే గట్టిపరుస్తుంది, అంతే. అందుకని ఒక్క బస్తా కూడా విప్పకముందే ఊతలు పూర్తవ్వాలి.

రెండు ఊత కర్రలు, ఆరడుగులవి, 1x4 అయినా చాలు. నేల పైనున్న గుంజ ఎత్తులో మూడింట రెండొంతుల దగ్గర, పక్కపక్కన ఉన్న రెండు ముఖాలకి ఒక్కొక్క స్క్రూతో వదులుగా బిగించండి. ఒకటి కంచె వరుస వెంట, ఇంకోటి దానికి అడ్డంగా పెరట్లోకి రావాలి. ఒకే స్క్రూ ఉంటే కర్ర తలుపులా తిరుగుతుంది, సర్దుబాటుకి అదే కావాలి. ప్రతి కర్ర కింది కొస దగ్గర గట్టి గూటం దిగ్గొట్టండి. గూటాలు ముందే కొట్టేయాలి, తర్వాత సుత్తి దెబ్బలు పడితే గుంజ కదులుతుంది. ఊతలకి మేకులు వద్దు, స్క్రూలే వాడండి.

ఇప్పుడు నాలుగడుగుల లెవెల్‌ని ఒక ముఖానికి ఆనించి, బుడగ మధ్యలోకి రాగానే ఆ దిశ కర్రని గూటానికి స్క్రూ చేయండి. ఒక్కరే ఉంటే ముందు క్లాంప్‌తో పట్టించి, చూసుకుని, ఆ తర్వాత స్క్రూ వేయడం సులువు. తర్వాత రెండో ముఖం. రెండోది సరిచేస్తే మొదటిది కొంచెం తప్పుతుంది, మళ్లీ దాని దగ్గరికి వెళ్లాలి. అరచేతి పొడవు లెవెల్ వద్దు, 4x4లు చాలావాటికి వంపు ఉంటుంది, పొట్టి లెవెల్ ఆ వంపునే చదువుతుంది. వరుస తప్పకుండా అటూ ఇటూ ఉన్న గుంజల ముఖాల మీద దారం లాగి, కొత్త గుంజకీ దారానికీ మధ్య అగ్గిపుల్ల మందం సందు ఉంచండి. గుంజ దారాన్ని తాకితే దాన్ని తోసేస్తుంది, మీకు తెలియదు.

పోయడం ఒకే పక్క నుంచి చేస్తే తడి కాంక్రీట్ బరువు గుంజని అవతలికి తోస్తుంది. చుట్టూ తిరుగుతూ ఎనిమిదేసి అంగుళాలు పోసి, ఇనుప కడ్డీతో పొడిచి గాలి బయటికి పంపి, ప్రతిసారీ రెండు ముఖాల మీదా లెవెల్ పెట్టండి. త్వరగా గట్టిపడే రకం గుంతలో పొడిగా పోసి, పైనుంచి బస్తాకి సుమారు ఒక గ్యాలన్ నీళ్లు పోసే పద్ధతి నడిమి గుంజలకి పనికొస్తుంది. గేటు గుంజలకైతే కలిపి పోయడమే నయం, పొడిగా పోస్తే లోపల తడవని ముద్దలు మిగలొచ్చు. త్వరగా గట్టిపడే రకం 20 నుంచి 40 నిమిషాల్లో బిగుసుకుంటుంది, టెక్సాస్ ఎండలో ఇంకా ముందే. సర్దుబాటంతా మొదటి పది నిమిషాల్లోనే అయిపోవాలి, ఆ తర్వాత తాకొద్దు.

పై భాగాన్ని నేల కంటే ఒక అంగుళం ఎత్తుగా ఉంచి, గుంజ నుంచి బయటికి వాలుగా తాపీతో రుద్దండి. జిగురుమట్టిలో అడుగు కంకర నీళ్లని పెద్దగా తీసుకోదు కాబట్టి నీళ్లని పైనే దూరంగా పంపడం మీకు ఎక్కువ ముఖ్యం. మందు పట్టించిన గుంజ తడిగా వస్తుంది, ఆరాక సన్నబడి గుంజకీ కాంక్రీట్‌కీ మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. రెండు మూడు నెలలకి దాన్ని బయట వాడే సీలెంట్‌తో నింపండి.

త్వరగా గట్టిపడే రకమైతే నాలుగు గంటల తర్వాత బరువు వేయొచ్చని బస్తా మీద రాస్తారు. ఆరడుగుల కంచె గాలికి తెరచాప లాంటిది, ఊతలు మర్నాటిదాకా ఉంచండి. మామూలు మిక్స్ అయితే 48 గంటలు. ఊతలు విప్పే ముందు ఒకసారి, విప్పాక ఒకసారి లెవెల్ పెట్టి చూడండి. రెండోసారి బుడగ జరిగితే గుంజ ఊతల బలం మీదే నిలబడిందన్నమాట. అప్పుడు ఊతలు తిరిగి బిగించి, రెయిళ్లు తగిలించకుండా ఇంకో రోజు ఆగండి.