ఆమ్‌స్టర్‌డామ్ విమర్శ, హైదరాబాద్ మౌనం

"మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ఐటీ సంస్థలో ఈ మధ్యే టీమ్ లీడ్ అయింది. టీమ్‌లో సగం మంది నెదర్లాండ్స్‌లో ఉంటారు. వాళ్లు మొహం మీదే తప్పులు పడుతున్నారని ఇక్కడి పిల్లలు బాధపడుతున్నారట. ఇక్కడివాళ్లు ఏ ఇబ్బందీ ముందుగా చెప్పరని వాళ్ల ఫిర్యాదట. మధ్యలో మా అమ్మాయి నలిగిపోతోంది. వేరే ప్రాజెక్టుకు మారమని చెప్పమంటారా?" - ఒక తండ్రి, విజయవాడ

ఇప్పుడే మారమనకండి. ఆ రెండు ఫిర్యాదుల మూలాలు వేరు. మొదటిది మాట ఎంత సూటిగా ఉండాలన్నది, రెండోది హోదాకు ఎంత విలువ ఇవ్వాలన్నది. ఇవి ఎప్పుడూ జంటగానే ఉండాలని లేదు. అమెరికన్లు పైఅధికారిని పేరుతోనే పిలుస్తారు, కానీ తప్పు చెప్పే ముందు నాలుగు మంచి మాటలు చెబుతారు. ఫ్రాన్స్‌లో హోదాకు విలువ ఎక్కువే, అయినా విమర్శ ఘాటుగా ఉంటుంది. 'విదేశీయులు ఇంతే' అంటూ అందరినీ ఒకే గాటన కట్టే శిక్షణ తరగతులు నాకు అందుకే నచ్చవు.

హోదా విషయంలో డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్, ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో మొదలుపెట్టి దేశాలవారీగా సూచీలు తయారుచేశారు. అందులో, హోదా తేడాలను జనం ఎంత సహజంగా అంగీకరిస్తారో చెప్పే అధికార దూరం భారత్‌కు 77, నెదర్లాండ్స్‌కు 38. అవి సగటులు మాత్రమే. వాటితో ఏ ఒక్క మనిషినీ అంచనా వేయకూడదు.

ఇలాంటి టీముల్లో జరిగేది చూడండి. సోమవారం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఒకరు నేరుగా ఇక్కడి జూనియర్‌కు, 'ఈ డిజైన్ పనికిరాదు, ఎందుకిలా చేశారు?' అని రాస్తారు. రాసినవారికి అది చర్చకు ఆహ్వానం, చదివినవారికి చీవాట్లు. పైగా లీడ్‌ను దాటి జవాబివ్వడం మర్యాద కాదని జూనియర్ ఆగిపోతాడు. బుధవారానికి అక్కడ దాన్ని నిర్లక్ష్యంగా లెక్కేస్తారు. శుక్రవారం మీటింగ్‌లో 'గడువుకు పూర్తవుతుందా?' అని అడిగితే, లీడ్ ఎదుట కాదనలేక తల ఊపుతాడు. వారం తిరిగేసరికి ఆలస్యం బయటపడుతుంది.

మీ అమ్మాయి ముందుగా రెండు వైపులకూ ఒక నియమం రాసి పంపాలి: సాంకేతిక ప్రశ్నలకు జూనియర్లు తన అనుమతి కోసం ఆగకుండా జవాబివ్వవచ్చు, గడువు మార్పులు మాత్రం తన ద్వారానే. మీటింగ్‌లో 'పూర్తవుతుందా' అని కాకుండా 'ఏం మిగిలింది, ఎక్కడ ఆగింది' అని అడగమని డచ్ సహోద్యోగులకు చెప్పాలి. ఇబ్బందులను ముందురోజే రాతలో తీసుకుని, మీటింగ్‌లో జూనియర్ల తర్వాతే తాను మాట్లాడాలి. లీడ్ అభిప్రాయం ముందే వినబడితే ఆ తర్వాత కాదనేవారు ఉండరు. 'ఈ నియమం మాకెందుకు' అని అక్కడివాళ్లు అడగవచ్చు. అడిగితే, పైన చెప్పిన సోమవారం నుంచి శుక్రవారం దాకా జరిగినదాన్ని వారి ముందు పెడితే చాలు.

ప్రతి కటువు మాటనూ సంస్కృతి ఖాతాలో వేయనక్కర్లేదు. అలా రాసిన వ్యక్తి తన డచ్ మేనేజర్‌కూ అదే తీరులో రాస్తున్నాడా అన్నది చూడమనండి. రాస్తుంటే అది అలవాటు. హైదరాబాద్ వారికి మాత్రమే అలా రాస్తుంటే అది చులకన. అప్పుడు ఆ మెయిళ్లను అతని మేనేజర్ ముందు పెట్టాలి. ఆ తర్వాత కూడా మారకపోతే, ప్రాజెక్టు మారే మాట అప్పుడు ఆలోచిద్దాం.