యొహన్ లేదంటే పగ లేదని కాదు

ప్రశ్న: కొరియన్‌లో హన్, జొంగ్ అనే రెండు మాటలకి ప్రపంచంలో ఏ భాషలోనూ అనువాదం లేదని అంటున్నారు, నిజమేనా? కొరియన్ తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారా?

నేను పెనుకొండ దగ్గర ఒక కొరియన్ విడిభాగాల కంపెనీలో కొన్నేళ్ళు ఇంటర్‌ప్రెటర్‌గా చేశాను. నా అనుభవంలో ఈ రెండు మాటలూ అనువాదం అవుతాయి, కాకపోతే ఒకే తెలుగు మాట పట్టుకుని కూర్చుంటే మాత్రం కావు.

ఇది నాకు ఒక తప్పు చేశాక అర్థమైంది. ఒక సీనియర్ ఇంజనీర్ నాలుగేళ్ళు చేసి తిరిగి వెళ్ళిపోతుంటే సెండాఫ్ పెట్టారు, చివర్లో ఆయన "యొహాని ఒప్సుమ్నిదా" అన్నారు. యొహన్ అంటే మిగిలిపోయిన హన్, అది లేదు అంటున్నారు. హన్ అంటే జాతి మొత్తం గుండెల్లో గూడుకట్టుకున్న దుఃఖం, పగ అని అప్పటిదాకా నేను చదివింది, అదే బుర్రలో ఉండి "మీ ఎవరి మీదా నాకు పగ గానీ బాధ గానీ లేవు" అని చెప్పేశాను. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం. మా మీద పగ ఎందుకుంటుంది సార్ అని ఒక కుర్రాడు పక్కవాణ్ణి అడుగుతున్నాడు. కొరియన్ ఒక్క ముక్క రాని మా లైన్ లీడర్ గారు ఆయన మొహం చూసి, "తృప్తిగా వెళ్తున్నా, ఇంకేం కొరత లేదు అంటున్నారయ్యా" అన్నారు. కరెక్ట్ అనువాదం అదే. ముసలివాళ్ళు మనవడి పెళ్ళి చూసి "ఇక కళ్ళు మూసినా పర్లేదు" అంటారే, కొరియన్‌లో యొహన్ వాడేది అలాంటి చోటే.

ఆ తర్వాత నుంచి ఈ మాట ఎక్కడ వినపడినా పక్కనున్న మాటలతో కలిపి రాసుకోవడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు బడికి వెళ్ళలేకపోయిన హన్ అంటే మనం కొరత అంటాం. ఆ ముసలావిడ అరవై ఏళ్ళకి అక్షరాలు నేర్చుకుంటే హన్ విప్పుకుంది అంటారు, మనకి కోరిక తీరింది. ఆడమనిషి హన్ పెట్టుకుంటే నడివేసవిలో కూడా మంచు కురుస్తుందని వాళ్ళ సామెత, అది అచ్చం మన ఉసురు తగలడమే. ఈ మాట అసలు చైనా అక్షరం నుంచి వచ్చింది, అదే అక్షరం చైనీస్‌లోనూ ఉంది జపనీస్‌లోనూ ఉంది, అర్థాల్లో తేడా ఉన్నా మూలం ఒకటే.

మరి ఇది కొరియా జాతి ఆత్మ అన్న మాట ఎక్కడిది? 1910లో జపాన్ కొరియాని కలిపేసుకుంది, 1919లో స్వాతంత్ర్య ఉద్యమాన్ని అణిచేసింది. ఆ రోజుల్లో యనాగి మునెయోషి అనే జపనీస్ కళా విమర్శకుడు కొరియా తెల్ల పింగాణీ చూసి వీళ్ళ కళంతా దుఃఖ సౌందర్యం అని రాశాడు. ఆయన కొరియన్ల పక్షాన మాట్లాడినవాడే, అణచివేతని తప్పుపట్టాడు కూడా, కానీ పాలించే దేశంవాడు పాలితుల్ని చూసి మీ స్వభావమే ఏడుపు అంటే అందులో ఉన్న ఇబ్బంది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ వర్ణనే తర్వాత హన్ అనే మాటకి అతుక్కుందని కొందరు పరిశోధకులు వాదిస్తారు. 1970ల్లో దక్షిణ కొరియాలో సైనిక నియంతృత్వం కింద సొ నమ్ డొంగ్ లాంటి క్రైస్తవ పండితులు మళ్ళీ అదే మాటని కూలీల, పేదల కోపానికి వాడారు, అక్కడది తిరగబడే మాట. అంటే మాట పాతదే, జాతి లక్షణం అనే బోర్డు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో తగిలించింది.

జొంగ్ ఇంకా తేలిక, అది మనుషుల మధ్య పెరిగే మమకారం. జొంగ్ లోపలికొచ్చింది అంటే మాలిమి అయ్యాం, జొంగ్ ఊడిపోయింది అంటే మనసు విరిగిపోయింది. దాన్ని కొరియాకే ప్రత్యేకం అనుకోవడంలో వ్యాపారం పాత్ర కూడా ఉంది, ఒరియన్ కంపెనీ 1989 నుంచి చోకో పై అనే తమ చాక్లెట్ కేకు ప్రకటనల్లో ఈ మాటనే వాడుకుంటూ వచ్చింది. వాళ్ళకి "చేదు జొంగ్, తీపి జొంగ్" లాంటి మాట ఒకటుంది, పోట్లాడుకుంటూనే ఏళ్ళ తరబడి కలిసి బతికినవాళ్ళ మధ్య పెరిగేది. ఇది నాకు చాలా ఇష్టం. మా క్వాలిటీ మేనేజర్‌కీ స్టోర్స్ అన్నకీ రోజూ గొడవే, ఆ మేనేజర్ వెళ్ళిపోయే రోజు ఇద్దరూ ఏడ్చారు, ఆ రోజు నేనేం అనువాదం చెయ్యాల్సిన పని పడలేదు.

నిజంగా ఇబ్బంది ఎక్కడంటే, హన్‌లో తన మీద తనకున్న వగపు, అవతలివాడి మీద కసి రెండూ విడదీయకుండా ఉండొచ్చు. యుద్ధంలో జపాన్ సైన్యం చేతుల్లో నరకం చూసిన అవ్వలు హన్ తీరలేదు అన్నప్పుడు, తెలుగులో దుఃఖం అని రాస్తే న్యాయం అడగడం పోతుంది, కసి అని రాస్తే లోపలి వెలితి పోతుంది. అలాంటి చోట నేను రెండు మాటలూ రాస్తాను, వాక్యం పొడుగైనా సరే.