స్టాప్ పేమెంట్ కన్ఫర్మేషన్‌లో చెక్కు నంబరు తేడా

“పోయిన చెక్కుకు స్టాప్ పేమెంట్ పెట్టాను. నా చెక్కు నంబరు 004517, కన్ఫర్మేషన్‌లో 004571 అని ఉంది. మొత్తం, తేదీ సరిగ్గానే ఉన్నాయి, ఛార్జీ కూడా తీసుకున్నారు. ఇది చాలదా?”

చాలదండీ. మీ చెక్కు ఇంకా ఆగలేదనే భావించి ఈరోజే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి. చెక్కు చెల్లింపుకు వచ్చినప్పుడు కంప్యూటర్ ప్రధానంగా ఖాతా నంబరును, చెక్కు నంబరును పోల్చి చూస్తుంది కాబట్టి, మొత్తం సరిపోయినా 004517 చెల్లిపోయే ప్రమాదం ఉంది. 004571ను మీరు ఎవరికైనా ఇచ్చి ఉంటే అది అనవసరంగా తిరిగివస్తుంది. అందువల్ల తప్పు నంబరుపై ఆపివేతను రద్దు చేయమని కూడా అదే లేఖలో కోరండి.

రాసే ముందు అసలు నంబరును జ్ఞాపకం మీద కాక, కౌంటర్‌ఫాయిల్‌తోనూ, చెక్కుబుక్కులో దాని ముందు వెనుక చెక్కుల అడుగున ముద్రించిన అంకెలతోనూ సరిచూసుకోండి.

కొత్త కన్ఫర్మేషన్‌లో చెక్కు మీది తేదీ కంటే, ఆపివేత నమోదైన తేదీ, సమయం ముఖ్యం. సవరణ ఆ క్షణం నుంచే పనిచేస్తుంది గనుక, అంతకుముందే 004517 చెల్లిందేమో స్టేట్‌మెంట్‌లో చూడండి.

ఛార్జీ పడటం కేవలం దరఖాస్తు నమోదైందని చెబుతుంది, సరైన చెక్కు ఆగిందని కాదు. మీ దరఖాస్తు నకలులో నంబరు సరిగ్గా ఉండి బ్యాంకే తప్పుగా ఎక్కించి ఉంటే, సవరణకు రెండోసారి తీసుకున్న ఛార్జీని వాపసు అడగండి.