మూడో కీ ఎందుకు పలకదు?

*సార్, మాది పర్లాకిమిడి. డీటీపీ షాపు ఉంది. సాయంత్రం మా అబ్బాయి అక్కడే కార్ల గేమ్ ఆడతాడు. పై బాణం, ఎడమ బాణం నొక్కి ఉంచి స్పేస్ కొడితే బ్రేక్ పడదు. విడిగా నొక్కితే మూడూ పనిచేస్తాయి. కీబోర్డు పోయినట్టేనా?*

పోలేదు. చాలా చవక కీబోర్డులకు ఉన్న హద్దే ఇది.

104 కీలకు విడివిడిగా తీగలు లాగితే చిప్‌కు అన్ని కాళ్లూ కావాలి. అందుకే లోపల అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీగలు వేస్తారు. 8 అడ్డం, 18 నిలువు ఉంటే 26 తీగలతోనే 144 కూడళ్లు వస్తాయి. ఒక్కో కూడలిలో ఒక్కో కీ. నొక్కినప్పుడు అక్కడి రెండు తీగలూ కలుస్తాయి. చిప్ ఒక్కో అడ్డ తీగకు వరసగా సిగ్నల్ పంపి, అది ఏ నిలువు తీగలోంచి వస్తోందో చూస్తుంది. ఈ చుట్టు సెకనుకు ఎన్నోసార్లు తిరుగుతుంది.

మీవాడి కీలనే తీసుకుందాం. తీగల అమరిక మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఇలా ఉందనుకోండి: పై బాణం 1వ అడ్డ తీగ, 'క' నిలువు తీగ కలిసేచోట ఉంది. ఎడమ బాణం 1, 'చ' కలిసేచోట. స్పేస్ 2, 'క' కలిసేచోట. మూడూ నొక్కి ఉన్నాయి. చిప్ 2వ తీగకు సిగ్నల్ పంపింది. అది స్పేస్ గుండా 'క'లోకి వచ్చింది, అంతవరకు సరే. కానీ అక్కడ ఆగదు. పై బాణం గుండా 1లోకి ఎక్కి, ఎడమ బాణం గుండా 'చ'లోకి దిగుతుంది. దాంతో ఎవరూ ముట్టుకోని 2-చ కీ కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. దీన్నే గోస్టింగ్ అంటారు. నాలుగింటిలో నిజంగా నొక్కినవేవో చిప్‌కు తెలిసే దారి లేదు. తప్పు అక్షరం పడటం కంటే ఏదీ పడకపోవడమే మేలని మూడో కీని వదిలేస్తుంది. మీ బ్రేక్ పోయింది అక్కడే.

రెండు కీలకు ఈ బాధ రాదు. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ కీలను ఇలా చిక్కుకోకుండా వేరే తీగల మీద పెడతారు కాబట్టి మీ తెలుగు, ఒడియా టైపింగ్‌కు టెన్షన్ లేదు. విడిగా నొక్కినా ఒక కీ పలకకపోతేనే రిపేరు సంగతి. కొన్ని కీలు ఒకేసారి చచ్చిపోతే వాటిని కలిపే తీగ తెగి ఉండొచ్చు.

అసలు మందు ప్రతి కీకి ఒక డయోడ్. కరెంటును ఒకవైపే పోనిస్తుంది కనుక 'క' నుంచి 1లోకి ఎక్కే దారి మూసుకుపోతుంది. మంచి మెకానికల్ కీబోర్డుల్లో ఇవి ఉంటాయి. ప్లాస్టిక్ పొర మీద తీగలు అచ్చువేసే చవక రకాల్లో మామూలుగా ఉండవు. కొనేటప్పుడు 'ఎన్-కీ రోలోవర్', అంటే ఎన్ని కీలు కలిపి నొక్కినా అన్నీ పలికే గుణం, ఉందా అని అడగండి. ధర మాత్రం ఎక్కువే.

గేమ్ కోసం అంత ఖర్చెందుకు? సెట్టింగ్స్‌లో బ్రేక్‌ను స్పేస్ నుంచి ఎడమ షిఫ్ట్‌కు మార్చి చూడండి. లేదా షాపులో మూలనపడ్డ పాత యూఎస్‌బీ కీబోర్డును కూడా తగిలించి, బ్రేక్ దాని మీద కొట్టమనండి. విండోస్ రెండింటినీ ఒకేసారి తీసుకుంటుంది. తీగలు వేరు కాబట్టి వాటి మధ్య ఈ చిక్కు రాదు.