సెలవు చీటీకి ‘దివ్య సముఖం’ అక్కర్లేదు

సందేహం: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం టీచర్‌ని. ఫోన్‌లో ఉత్తరాల యాప్ నుంచి సెలవు పత్రం నమూనా తీసుకుని, పేరు మార్చి, సంతకం ఫొటో అతికించి వర్డ్ ఫైల్‌గా హెచ్‌ఎం గారికి పంపాను. స్టాఫ్ రూమ్‌లో అందరూ నవ్వారు. మర్యాద తగ్గకుండా మామూలు తెలుగులో రాయడం ఎలాగండీ?

సమాధానం: మీరు జతచేసిన పత్రం చదివాను. ఇదే నమూనా ఈ ఏడాదిలో నాకు చాలాసార్లు వచ్చింది. అందులోని ముఖ్యభాగం ఇది:

"మహారాజశ్రీ ప్రధానోపాధ్యాయులు గారి దివ్య సముఖమునకు, తమ విధేయుడు వ్రాసుకొను విన్నపము. అయ్యా, నేను జ్వరపీడితుడనై యున్నందున పాఠశాలకు హాజరు కాజాలకున్నాను. కావున నాయందు దయయుంచి రెండు దినములు సెలవు మంజూరు చేయగలరని ప్రార్థించుచున్నాను. చిత్తగించవలెను."

స్టాఫ్ రూమ్ నవ్వింది ‘దివ్య సముఖము’ చూసి కాదనుకుంటాను. గణితం టీచరమ్మ ‘జ్వరపీడితుడనై’ అని రాసుకున్నందుకే అయి ఉంటుంది. మీరు పేరు మార్చారు కానీ, యాప్‌లోని ‘డు’ అలాగే ఉండిపోయింది. పాత గ్రాంథిక వాక్యంలో ‘నేను’ అన్నవారు పురుషుడో స్త్రీయో మాట చివరే తెలిసిపోతుంది కాబట్టి పీడితుడను, విధేయుడు వంటి ప్రతి పదాన్నీ వెతికి మార్చాలి. ‘జ్వరంగా ఉండడం వల్ల’ అంటే ఆ గొడవే లేదు. నమూనా వాడేది స్త్రీయా, పురుషుడా అని ఒక్క మాట అడగకుండా, ప్రతి తెర మీదా ప్రకటన మాత్రం చూపించే ఈ తరహా యాప్‌లంటే నాకు ఏమాత్రం గౌరవం లేదు.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఇన్ని వినయపు మాటల నడుమ తేదీలు ఎక్కడా లేవు. ‘రెండు దినములు’ ఏ రోజు నుంచో, ఏ రకం సెలవో, మీ తరగతులు ఎవరు చూస్తారో హెచ్‌ఎం గారు ఫోన్ చేసి అడగాల్సిందే. మీ మెయిల్‌లో ఉన్న వివరాలతో ఇలా తిరగరాశాను:

> గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
>
> విషయం: జూలై 14, 15 తేదీలకు ఆకస్మిక సెలవు కోరుతూ.
>
> అయ్యా,
>
> నిన్నటి నుంచి జ్వరంగా ఉండడం వల్ల ఈ నెల 14, 15 తేదీల్లో (సోమ, మంగళవారాలు) పాఠశాలకు రాలేకపోతున్నాను. ఆ రెండు రోజులకు ఆకస్మిక సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. నా ఎనిమిదో తరగతి పీరియడ్లు తీసుకోవడానికి భౌతికశాస్త్రం టీచర్ గారు అంగీకరించారు. 16వ తేదీన విధులకు హాజరవుతాను.
>
> ఇట్లు,
> (పేరు, హోదా, తేదీ)

ఇందులో మర్యాదను మోసేవి ‘గౌరవనీయులైన’, ‘గారు’, ‘చేయవలసిందిగా కోరుతున్నాను’ అన్న మూడే, అవి చాలు. ప్రార్థన గుడిలో చేసుకోవచ్చు. ‘మంజూరు చేయగలరు’ అని చాలామంది మర్యాద కోసమే రాస్తారు కానీ, ఆ మాటకు అసలు అర్థం మంజూరు చేసే శక్తి మీకుంది అని. ఆ సంగతి హెచ్‌ఎం గారికి మనం చెప్పనక్కర్లేదు. ‘చిత్తగించవలెను’ తీసేస్తే ఉత్తరం ఏమీ నష్టపోదు. ‘మంజూరు’, ‘హాజరు’ మాత్రం ఆఫీసు తెలుగులో బతికి ఉన్న మాటలే కాబట్టి వాటిని పాతవనుకుని మార్చకండి. హెచ్‌ఎం మహిళ అయితే ‘అయ్యా’ స్థానంలో ‘మేడమ్’ అని రాయండి. ‘అయ్యా/అమ్మా’ అని రెండూ పెట్టి గీత వదిలేయడం నింపని ఫారంలా ఉంటుంది.

మీరు అడగనిది ఒకటుంది, నన్ను భాష కంటే ఎక్కువ కలవరపెట్టింది అదే: వర్డ్ ఫైల్‌లో అతికించిన సంతకం. `.docx` ఫైల్ నిజానికి ఒక జిప్ పొట్లం. దాని కాపీ చేసి, పేరు చివర `.zip` అని మార్చి తెరిస్తే, మీ సంతకం బొమ్మ విడిగా ఇక్కడ కనిపిస్తుంది:

```
word/media/image1.png
```

మీ ఫైల్‌ను నేనూ అలాగే తెరిచి చూశాను, సంతకం చక్కగా బయటికి వచ్చింది, వెంటనే చెరిపేశాను. తెల్లని నేపథ్యం మీద ఉన్న ఆ బొమ్మను ఇంకో కాగితం మీద అతికించడానికి నిమిషం పట్టదు. సెలవు చీటీ హెచ్‌ఎం గారి ఫోన్‌లోనే ఆగదు. స్టాఫ్ గ్రూపుకో, ఆఫీసు కంప్యూటర్‌కో చేరుతుంది. పీడీఎఫ్‌గా మార్చినా బొమ్మ లోపలే ఉంటుంది, తీయడానికి కాస్త ఎక్కువ శ్రమ పడాలి, అంతే. అందుకని మెసేజ్‌లో పంపే పత్రానికి కింద పేరు టైపు చేసి వదిలేయండి. సంతకం కావాలంటే తిరిగి విధుల్లో చేరిన రోజు ముద్రించిన కాగితం మీద పెన్నుతో చేసి ఇవ్వండి. ఇప్పటికే వెళ్లిన ఫైల్‌ను చాట్‌లో ‘అందరికీ తొలగించు’ నొక్కి తీసేసి కొత్తది పంపండి. అయితే ఎవరైనా ముందే దాచుకుని ఉంటే ఆ కాపీ దీనితో పోదు కాబట్టి, ఆ ఫైల్‌ను తొలగించమని హెచ్‌ఎం గారికి ఫోన్‌లో కూడా చెప్పండి.