గింజల మెషిన్ కొనే ముందు, పిప్పి ఎవరు పారబోస్తారో తేల్చుకోండి

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం పెద్దవాళ్లం. మూడేళ్లుగా క్యాప్సూల్ కాఫీ మెషిన్ వాడుతున్నాం, అది ఇంకా బాగానే పనిచేస్తోంది. రోజుకు 7 కప్పులు అవుతాయి. అందులో ఒకటి మా అత్తగారు సాయంత్రం తాగే డీకాఫ్. గింజలు పోస్తే తనే పొడి చేసుకుని కాఫీ ఇచ్చే మెషిన్ కొందామని మావారు పట్టుబడుతున్నారు. లెక్క సులువుగా ఉంటుందని అన్నీ క్యాప్సూళ్లలోనే చెబుతున్నాను: ఆ మెషిన్ ధర 1,500 క్యాప్సూళ్ల ధరకు సమానం, కిలో గింజల ధర 45 క్యాప్సూళ్లకు సమానం. ఇద్దరం ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్లమే. కొంటే కలిసొస్తుందా? కడగడం పెద్ద పనా? రుచిలో నిజంగా తేడా ఉంటుందా?

జవాబు: మెషిన్ ధర తిరిగి రావడానికి 16 నెలలు పడుతుంది. ధరలను క్యాప్సూళ్లలోకి మార్చి పంపినందుకు ముందుగా ధన్యవాదాలు. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో ఇంత శుభ్రమైన లెక్క అరుదు. అయితే ఈ 16 నెలలు అనే అంకె రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. అవి మెషిన్ పెట్టె మీద రాసి ఉండవు.

ముందు అంకె ఎలా వచ్చిందో చూద్దాం. ఒక క్యాప్సూల్‌లో ఉండేది 5 నుంచి 6 గ్రాముల కాఫీ పొడి. అంటే కిలో కాఫీ తాగాలంటే దాదాపు 180 క్యాప్సూళ్లు కొనాలి. అదే కిలో, గింజల రూపంలో మీకు 45 క్యాప్సూళ్ల ధరకే వస్తోంది. తేడా నాలుగు రెట్లు! మీవారు చూసింది బహుశా ఈ అంకెనే. కానీ గింజల మెషిన్ చేయి పెద్దది. కప్పుకు 7 నుంచి 11 గ్రాముల దాకా వాడుతుంది. సగటున 9 గ్రాములు అనుకుంటే, ఆ నాలుగు రెట్ల తేడా రెండున్నర రెట్ల లోపుకు దిగిపోతుంది.

అత్తగారి డీకాఫ్‌ను ఈ లెక్కలోకి తేవద్దు. గింజల డబ్బా సాధారణంగా ఒక్కటే ఉంటుంది. సాయంత్రం ఒక్క కప్పు కోసం అందులోని గింజలు తీసి వేరేవి పోయడం కుదరదు. కొన్ని మెషిన్లలో విడిగా పొడి వేయడానికి చిన్న గొట్టం ఉంటుంది కానీ, రోజూ చెంచాతో కొలిచి వేసే ఓపిక ఉన్నవాళ్లను నేను ఎక్కువగా చూడలేదు. ఆ ఒక్క కప్పుకు పాత మెషిన్ ఉంటుంది. అందుకే మిగిలిన 6 కప్పులకే లెక్క వేశాను.

6 కప్పులకు ఇప్పుడు నెలకు 180 క్యాప్సూళ్లు ఖర్చవుతున్నాయి. గింజలైతే రోజుకు 54 గ్రాములు, నెలకు 1,620 గ్రాములు. గ్రైండర్‌లో మిగిలేది, కుదరక పారబోసే కప్పులు కలిపి 1.7 కిలోలు అనుకోండి. అది 77 క్యాప్సూళ్ల ధర. శుభ్రం చేసే మాత్రలు, సున్నపు పొర తీసే ద్రావణం, నీటి ఫిల్టర్ కలిపి నెలకు మరో 10 వేశాను. మొత్తం 87, అంటే నెలకు 93 క్యాప్సూళ్ల ఆదా. 1,500ను 93తో భాగిస్తే 16 నెలలు. పాత మెషిన్‌కు మీరు పెట్టిన డబ్బును ఇందులో ఎక్కడా చేర్చలేదు. అది మూడేళ్ల క్రితమే ఖర్చయిపోయింది, దాన్ని తలచుకుని ఇప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఇక ఆ రెండు విషయాల్లో మొదటిది కప్పుల సంఖ్య. క్యాప్సూల్ తీసేటప్పుడు పెట్టెలో ఇంకా ఎన్ని ఉన్నాయో కంటికి కనిపిస్తుంది, చేయి కాస్త వెనక్కి వస్తుంది. గింజల డబ్బాలో ఆ అడ్డు ఉండదు. మీట నొక్కితే కాఫీ వస్తుంది. 6 కప్పులు 8 కావడానికి నెల కూడా పట్టదు. అప్పుడు నెల ఆదా 67కు పడిపోతుంది, గడువు 22 నెలలకు జరుగుతుంది. దానికి వ్యతిరేకంగా కూడా జరగవచ్చు. మీరిద్దరూ వారంలో ఐదు రోజులు ఆఫీసులోనే కాఫీ తాగుతూ, ఇంట్లో నిజంగా అయ్యేది 2 కప్పులే అయితే, నెలకు మిగిలేది 24 క్యాప్సూళ్లు. పెట్టిన డబ్బు రావడానికి ఐదేళ్లు దాటుతుంది. అందుకే జ్ఞాపకం మీద చెప్పిన 7ను నేను పూర్తిగా నమ్మను. గత మూడు నెలల్లో కొన్న క్యాప్సూల్ పెట్టెల బిల్లులు తీసి, వాటిని రోజులతో భాగించి చూడండి.

రెండోది మీరు అడిగిన కడుగుడు. ఇక్కడ క్యాప్సూల్ మెషిన్‌కు పోటీ లేదు. వాడిన క్యాప్సూళ్ల డబ్బా ఖాళీ చేయడం, నీళ్లు మార్చడం, అప్పుడప్పుడు సున్నపు పొర తీయడం, అంతే. గింజల మెషిన్‌లో పిప్పి తడిగా లోపలి డబ్బాలో పడుతుంది. మెషిన్ ఆన్ చేసినప్పుడూ ఆపినప్పుడూ తనను తాను కడుక్కున్న నీళ్లు కింది ట్రేలోకి దిగుతాయి. ఈ రెండూ మీ వాడకానికి రోజూ ఖాళీ చేయాల్సిందే. పొడిని నొక్కి పట్టి వేడినీళ్లు పంపే భాగాన్ని బ్రూ గ్రూప్ అంటారు. దాన్ని వారానికోసారి బయటకు తీసి కుళాయి కింద కడగాలి. సబ్బు వాడకూడదు, దాని కదలికకు కావాల్సిన గ్రీజు పోతుంది. కొన్ని మెషిన్లలో ఈ భాగం బయటకు రాదు, మాత్రలతోనే శుభ్రం చేయాలి. మీలాంటి ఇంటికి బయటకు వచ్చేదే మేలని నా అభిప్రాయం. కళ్లతో చూసి కడిగితే వచ్చే నమ్మకం మాత్రతో రాదు.

మా ఇంట్లో ఒకసారి సెలవులకు వెళ్తూ పిప్పి డబ్బా ఖాళీ చేయడం మరిచాం. పది రోజుల తర్వాత తెరిస్తే పిప్పి మీద బూజు దూదిలా లేచింది. బ్రూ గ్రూప్ కూడా వాసన పట్టింది. రెండుసార్లు మాత్ర వేసి నడిపినా, మొదటి కొన్ని కప్పులు తాగడానికి మనసొప్పలేదు. అప్పటి నుంచి ఊరెళ్లే ముందు గ్యాస్ కట్టేశామా అనే ప్రశ్న పక్కన ఈ ప్రశ్న కూడా చేరింది.

సమయాన్ని కూడా లెక్కలో వేయండి. డబ్బా, ట్రే, నీళ్లకు రోజుకు 3 నిమిషాలు, వారానికి బ్రూ గ్రూప్‌కు 5 నిమిషాలు అనుకుంటే నెలకు రెండు గంటల లోపే. ఇది భరించదగ్గదే. కానీ పాలు కూడా తనే నురగగొట్టి పోసే రకం కొంటే, పాల గొట్టాలను వాడిన ప్రతి రోజూ విప్పి కడగాలి. దానికి మరో 5 నిమిషాలు వేసుకుంటే నెలకు నాలుగు గంటలు దాటుతుంది. పాల గొట్టం ఒక్క రోజు వదిలేసినా లోపల మీగడ ఎండిపోయి నురగ రాదు, పుల్లటి వాసన వస్తుంది. పరుగెత్తే ఇళ్లలో ఈ మెషిన్లు మూలకు చేరడానికి ముఖ్య కారణం పాలేనని నేను గమనించాను. పాల అమరిక లేని రకం తీసుకుని పాలు విడిగా కాచుకోండి. ధర కూడా తగ్గుతుంది కాబట్టి ఆ 16 నెలలు కూడా తగ్గుతాయి.

సున్నపు పొర విషయంలో ఒక మాట. మెషిన్‌తో వచ్చే పట్టీని నీళ్లలో ముంచి, మీ నీటి కాఠిన్యం ఎంతో చూసి మెషిన్‌లో అమర్చండి. నీళ్లు గట్టివై ఉండి మెషిన్ మాత్రం మెత్తటి నీళ్లనుకుంటే, హెచ్చరిక దీపం ఆలస్యంగా వెలుగుతుంది. అప్పటికే కాఫీ గోరువెచ్చగా, ధార సన్నగా మారి ఉంటుంది. వెనిగర్‌తో పని కానిద్దామని చూడవద్దు. అది లోపలి రబ్బరు రింగులను పాడుచేయవచ్చు, ఆ మరమ్మతు వారంటీలోకి రాకపోవచ్చు కూడా.

రుచి గురించి. 5 గ్రాముల క్యాప్సూల్ చిన్న కప్పుకు, అంటే 40 మిల్లీలీటర్ల దాకా, చక్కగా ఉంటుంది. గాలి తగలకుండా మూసి ఉంటుంది కాబట్టి ఈ రోజు ఎలా ఉందో ఆరు నెలల తర్వాతా అలాగే ఉంటుంది. పెద్ద కప్పు మీట నొక్కితే మాత్రం, అంతే పొడి లోంచి ఎక్కువ నీళ్లు పోయి, కాఫీ పలచగానూ చేదుగానూ వస్తుంది. గింజల మెషిన్ ఎక్కువ పొడి వాడుతుంది, అప్పటికప్పుడు పొడి చేస్తుంది కాబట్టి చిక్కదనంలో, వాసనలో దానిదే పైచేయి. అయితే మొదటి వారం మీరు నిరాశపడే అవకాశం ఎక్కువ. కర్మాగారంలో చేసిన అమరికతో కాఫీ తరచుగా పలచగా వస్తుంది. గ్రైండర్ తిరుగుతున్నప్పుడే దాని మీటను ఒక్క గీత సన్నానికి జరపండి. ఆగి ఉన్నప్పుడు తిప్పితే గ్రైండర్ దెబ్బతినవచ్చు. తేడా తెలియడానికి రెండు మూడు కప్పులు పడుతుంది, ఈలోగా మళ్లీ తిప్పవద్దు. కాఫీ చుక్కలు చుక్కలుగా రాలుతుంటే మరీ సన్నమైందన్నమాట. ధార ఒక్కసారిగా దూకి, పిప్పి ముద్దకట్టకుండా జావలా పడితే ఇంకా బరకగా ఉంది.

నూనె తేలి మెరిసే గింజలు గ్రైండర్‌లో అతుక్కుంటాయి. చక్కెర పూత ఉన్నవి, పరిమళం కలిపినవి అసలే పోయవద్దు. గింజల డబ్బా మెషిన్ వేడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే పోసి, మిగతావి గాలి చొరని డబ్బాలో ఉంచండి. మీ వాడకానికి అరకిలో సంచి తొమ్మిది రోజుల్లో అయిపోతుంది. రుచి చచ్చేంత సమయం దానికి దొరకదు.

వాయిదాల్లో కొనే ఆలోచన ఉంటే, వడ్డీ లేకపోయినా 12 వాయిదాలంటే నెలకు 125 క్యాప్సూళ్ల మొత్తం. మీ ఆదా 93. అంటే ఏడాది పాటు నెలకు 32 క్యాప్సూళ్ల విలువ జేబులోంచి అదనంగా పోతుంది. మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తారేమో ముందు అడగండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. రెండు వారాల పాటు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, ఇంట్లో తాగిన ప్రతి కప్పుకు ఒక గీత గీయండి. ఆ కాగితం మీదే పిప్పి, ట్రే, బ్రూ గ్రూప్ అని రాసి, ఒక్కోదాని పక్కన ఒక్కో మనిషి పేరు రాయండి. అందరం కలిసి చూసుకుంటాం అనే సమాధానం చెల్లదు. డీకాఫ్ కాకుండా రోజుకు 4 కప్పులకు తగ్గితే డబ్బు తిరిగి రావడానికి రెండేళ్లు దాటుతుంది. ఆ గడువును మెషిన్ వారంటీతో పోల్చి చూడండి. వారంటీ అంతకంటే ముందే ముగిసేలా ఉంటే పాత మెషిన్‌తోనే కొనసాగండి. 6కు దగ్గరగా ఉండి, మూడు పనుల పక్కనా పేర్లు ఉంటే కొనండి. కొన్నా పాత మెషిన్‌ను మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, అత్తగారి సాయంత్రం కప్పు దాని మీదే ఆధారపడి ఉంది.