మధ్యలో ఆపిన టెస్టు చూపించిన లేని గెలుపు

ప్రశ్న: "ఏ/బీ టెస్టు రెండు వారాలకి ప్లాన్ చేశాం. ఐదో రోజుకే పి-విలువ 0.05 కిందికి వచ్చింది. రోజూ చూస్తూనే ఉన్నాను కదా, ఇప్పుడే ఆపేస్తే నష్టమేంటి?"

ఆపొద్దు. నేను ఆపాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను పనిచేసిన ఒక చోట పేమెంట్ పేజీలో బటన్ మార్చి, 14 రోజుల టెస్టు పెట్టాం. నాలుగో రోజు సాయంత్రానికి ఒక్కో వైపు 4,000 మంది వచ్చారు. పాత పేజీలో 160 మంది కొన్నారు, కొత్త పేజీలో 198 మంది. అంటే దాదాపు 24 శాతం ఎక్కువ. పి-విలువ 0.04. స్క్రీన్ మీద పచ్చరంగు వచ్చేసింది. మా మేనేజర్ "ఇంకా పది రోజులు సగం మందికి పాత పేజీ చూపించి ఎందుకు నష్టపోవాలి?" అన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది. ఆ రాత్రే అందరికీ కొత్త పేజీ పెట్టేశాం.

నెల తిరిగినా అమ్మకాల్లో ఆ 24 శాతం ఎక్కడా కనిపించలేదు. చివరికి పట్టుబట్టి అదే టెస్టు మళ్లీ పెట్టించి, పూర్తిగా 14 రోజులు నడిపించాను. ఒక్కో వైపు 14,000 మంది వచ్చారు. పాతదానికి 565 కొనుగోళ్లు, కొత్తదానికి 571. మొదటిసారి మేం చూసిన 24 శాతంలో దాదాపు ఏమీ మిగల్లేదు.

ఎందుకిలా అవుతుందంటే, 0.05 అనే గీత ఇచ్చే హామీ ఒక్కసారి చూడటానికే. ముందే అనుకున్న రోజున, ఒకేసారి చూస్తే, నిజంగా తేడా లేని టెస్టుల్లో నూటికి 5 మాత్రమే మనల్ని మోసం చేస్తాయి. కానీ రెండు పేజీల మధ్య తేడా రోజురోజుకీ పైకీ కిందికీ ఊగుతుంది. మొదట్లో జనం తక్కువ కాబట్టి ఆ ఊపు ఇంకా పెద్దది. రోజూ చూసి, గీత దాటిన రోజునే ఆపేస్తానంటే ఆ ఊపుకి ప్రతిరోజూ ఒక కొత్త అవకాశం ఇస్తున్నట్టే. తర్వాత అది వెనక్కి వచ్చేదేమో, ఆపేశాం కాబట్టి మనకు తెలియదు. ఐదుసార్లు చూస్తే ఆ 5 శాతం కాస్తా 14 అవుతుంది, పదిసార్లు చూస్తే 19, ఇరవైసార్లు చూస్తే దాదాపు 25. ఈ లెక్కలు గణాంక శాస్త్రవేత్త ఆర్మిటేజ్, ఆయన సహచరులు 1969లోనే వేసి చూపించారు.

నా మాట నమ్మక్కర్లేదు, ఇది నడిపి చూడండి. రెండు వైపులా ఏ తేడా లేని 10,000 టెస్టులు, ఒక్కోటి 14 రోజులు:

```python
import numpy as np
r = np.random.default_rng(1)
x = r.normal(size=(10000, 14)).cumsum(axis=1)
z = abs(x / np.sqrt(np.arange(1, 15)))
print((z[:, -1] > 1.96).mean())
print((z > 1.96).any(axis=1).mean())
```

మొదటి సంఖ్య చివరి రోజు ఒక్కసారే చూస్తే వచ్చే తప్పు, 0.05 దగ్గర ఉంటుంది. రెండోది రోజూ చూసి, దాటగానే ఆపితే వచ్చేది, 0.22 దగ్గర. మా మేనేజర్‌ని మార్చింది మాత్రం ఈ కోడ్ కాదు, ఏ/ఏ టెస్టు. రెండు వైపులా అదే పేజీ పెట్టి, రోజూ ఆయనకే చూపించాను. ఆరో రోజు పచ్చరంగు వచ్చింది, తొమ్మిదో రోజుకి పోయింది. తన పేజీ తన మీదే గెలవడం చూశాక ఆయన మళ్లీ తొందరపెట్టలేదు.

ఇంకో బాధ కూడా ఉంది. నిజంగా కొంచెం మెరుగైన పేజీ అయినా, అల పైకి లేచిన క్షణంలోనే ఆపుతాం కాబట్టి లాభం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఆ అంకెతోనే తర్వాతి మూడు నెలల టార్గెట్లు పెడతారు, టెన్షన్ మాత్రం టీమ్‌కి. పైగా మనవాళ్లు గెలుస్తుంటే "ఆపేద్దాం" అంటారు, ఓడుతుంటే "ఇంకొన్ని రోజులు చూద్దాం" అంటారు. పి-విలువని రోజూ పెద్ద అక్షరాలతో చూపించి, దాని పక్కన ఏ హెచ్చరికా పెట్టని టూల్స్ మీద నాకు కోపం.

చూడటమే తప్పని కాదు. పేజీ విరిగిపోయిందా, జనం రెండు వైపులా సమానంగా వెళ్తున్నారా అని రోజూ చూడాల్సిందే. మధ్యలో ఆపే అవకాశం కూడా కావాలంటే ఎన్నిసార్లు చూస్తారో టెస్టు మొదలుకాకముందే రాసుకుని, గీతని కఠినం చేయాలి. పోకాక్ పద్ధతిలో ఐదుసార్లు చూడాలంటే ప్రతిసారీ పి-విలువ 0.05 బదులు 0.0158 కిందికి రావాలి. ఓబ్రయన్–ఫ్లెమింగ్ పద్ధతిలో మొదటి చూపులకి గీత చాలా కఠినం, చివరిదానికి దాదాపు మామూలే. నాకు రెండోదే నచ్చుతుంది, నాలుగో రోజు ఉత్సాహాన్ని అదే అడ్డుకుంటుంది.

మీ టెస్టు ఇంకా చెడిపోలేదు. చూశారు గానీ ఆపలేదు కదా. 14వ రోజు దాకా నడిపి, ఆ రోజు వచ్చిన అంకెతోనే తేల్చండి. అప్పటికి 0.05 పైకి వెళ్లిపోయి ఉంటే, ఇంకో వారం పొడిగించకండి.